నగ బిల్లులో రాళ్ల బరువు చూశారా? ముత్యాలకూ బంగారం ధర కట్టేస్తున్నారేమో.. లెక్క సరిచూసుకోండిలా!

పెళ్లికని నెక్లెస్ కొన్నారు. షాపులో బిల్లు చేతిలో పెట్టారు. అడుగున ఉన్న మొత్తం చూసి, కార్డు గీకేసి, స్వీట్ బాక్సు తీసుకుని వచ్చేశారు. బిల్లు బీరువాలోకి వెళ్లిపోయింది. నాలుగేళ్ల తర్వాత అదే నెక్లెస్ మార్చుకుందామని వెళ్తే కౌంటర్‌లో ఉన్నాయన నగను అటూ ఇటూ తిప్పి చూసి, "రాళ్లు, ముత్యాలు కలిపి 4.350 గ్రాములు తీసేయాలమ్మా" అన్నాడు. పాత బిల్లు వెతికి చూస్తే అందులో తీసేసిన రాళ్ల బరువు 2.850 గ్రాములే. మరి మధ్యలో ఆ ఒకటిన్నర గ్రాము ఏమైనట్టు? ఎక్కడికీ పోలేదు. కొన్న రోజునే దానికి బంగారం ధర కట్టేశారు.. అంతే!

రాళ్ల నగల విషయంలో చాలా ఇళ్లలో ఇలాగే జరుగుతుంది. కొనేటప్పుడు రాయి తేలిక, అమ్మేటప్పుడు రాయి బరువు. పైగా బిల్లులో మొదటి లైన్‌లో జరిగిన తేడా అక్కడితో ఆగదు. తరుగులోకి, మజూరీలోకి, చివరికి జీఎస్టీలోకి కూడా పాకుతుంది. అదెలాగో తెలియాలంటే ఒక బిల్లును పై నుంచి కింది వరకు విప్పి చూడాల్సిందే. ఇక్కడ ఉదాహరణగా ఒక నెక్లెస్ బిల్లు తీసుకుందాం. లెక్క తేలిగ్గా ఉండటానికి 22 క్యారెట్ల బంగారం గ్రాము 10,000 రూపాయలు అనుకుందాం. మీరు కొన్న రోజు ధర ఎంతుంటే అక్కడ అది వేసుకోండి, పద్ధతి మారదు.

షాపు ఇచ్చిన బిల్లు ఇదీ:

మొత్తం బరువు: 42.600 గ్రాములు
రాళ్ల బరువు: 2.850 గ్రాములు
నికర బరువు: 39.750 గ్రాములు
బంగారం విలువ: 3,97,500
తరుగు 12 శాతం: 51,120
మజూరీ, గ్రాముకు 300: 12,780
రాళ్లు 14.25 క్యారెట్లు: 14,250
ముత్యాలు 1.500 గ్రాములు: 4,250
జీఎస్టీ 3 శాతం: 14,397
హాల్‌మార్క్ ఛార్జీ, పన్నుతో కలిపి: 53.10
చెల్లించాల్సింది: 4,94,350.10

కింది నుంచి పైకి కూడి చూస్తే కూడికలో ఒక్క తప్పు కూడా దొరకదు. కంప్యూటర్ బిల్లు కదా, కూడిక తప్పదు. తప్పు ఉండేది కూడికలో కాదు, ఏ అంకెను దేనితో గుణించారన్న దాంట్లో. ఈ బిల్లులో అలాంటివి మూడు ఉన్నాయి.

మొదట రాళ్ల బరువు.. ఇక్కడే అసలు మెలిక

నగ మొత్తాన్ని కాటా మీద పెడితే వచ్చేది మొత్తం బరువు. అందులో నుంచి బంగారం కానిదంతా తీసేస్తే మిగిలేది నికర బరువు. బంగారం ధర కట్టాల్సింది ఈ నికర బరువుకు మాత్రమే. ట్యాగ్ మీద వీటినే జీడబ్ల్యూ, ఎన్‌డబ్ల్యూ అని చిన్న అక్షరాల్లో రాస్తారు. బంగారం కానిది అంటే కెంపులు, పచ్చలు, సీజెడ్ రాళ్లు మాత్రమే కాదు. వేలాడే ముత్యాలు, పగడాలు, నల్లపూసలు, వాటిని గుచ్చిన దారం, రాయి కింద నింపిన లక్క.. ఇవన్నీ కూడా లెక్కలోకే వస్తాయి.

ఇప్పుడు బిల్లులోని రాళ్ల లైన్ చూడండి. 14.25 క్యారెట్లు అని ఉంది. రాళ్లు తూచేటప్పుడు చెప్పే క్యారెట్ వేరు, బంగారం స్వచ్ఛతకు చెప్పే 22 క్యారెట్ వేరు. రాళ్ల లెక్కలో ఒక క్యారెట్ అంటే 0.200 గ్రాములు, అంటే 5 క్యారెట్లు ఒక గ్రాము. కాబట్టి 14.25ని 5తో భాగిస్తే 2.850 గ్రాములు. బిల్లులో తీసేసిన రాళ్ల బరువు కూడా సరిగ్గా అంతే. ఇంతవరకు బాగానే ఉంది.

కానీ దాని కిందే ముత్యాలు 1.500 గ్రాములు అని రాసి, వాటికి విడిగా 4,250 రూపాయలు వేశారు. ఆ ఒకటిన్నర గ్రాము మాత్రం మొత్తం బరువులోంచి తీయలేదు. అంటే ముత్యాలకు ముత్యాల ధర కట్టారు, మళ్లీ అదే ముత్యాలకు బంగారం ధర కింద ఇంకో 15,000 కట్టారు. 4,250 రూపాయల ముత్యాలు ఈ ఇంటికి 19,250 పడ్డాయన్నమాట. తరుగు, పన్ను ఇంకా కలపలేదు.

సరైన లెక్క ఇలా ఉండాలి. రాళ్లు 2.850, ముత్యాలు 1.500, కలిపితే 4.350. మొత్తం బరువు 42.600లోంచి అది తీసేస్తే నికర బరువు 38.250 గ్రాములు. నాలుగేళ్ల తర్వాత కౌంటర్‌లో వినిపించిన 4.350 ఇదే.

ఈ తేడా పట్టుకోవడానికి పెద్ద విద్య అక్కర్లేదు. బిల్లులో విడిగా ధర వేసిన ప్రతి రాయి, ప్రతి పూస బరువును గ్రాముల్లోకి మార్చి కూడండి. ఆ మొత్తం, పైన తీసేసిన రాళ్ల బరువుతో సమానంగా ఉండాలి. తక్కువ తీశారంటే ఏదో ఒకదానికి రెండుసార్లు డబ్బు కడుతున్నట్టే. కొన్ని షాపులు బరువే రాయకుండా "రాళ్ల ఖరీదు 18,500" అని ఒకే లైన్‌లో తేల్చేస్తాయి. అలా ఉంటే లెక్క సరిచూసే దారే లేదు. క్యారెట్లు ఎన్ని, ముత్యాలు ఎన్ని గ్రాములు అని అడిగి, విడివిడిగా బిల్లులో రాయించుకోవాలి. రాళ్లు పొదగకముందే షాపు వాళ్లు వాటిని తూచి పెట్టుకుంటారు కాబట్టి ఆ లెక్క వాళ్ల దగ్గర ఉంటుంది. "అది సిస్టమ్‌లో రాదండీ" అంటే మాత్రం కాస్త ఆలోచించాల్సిన విషయమే.

ఇక్కడ ఒక పరిమితి ఉంది, అదీ చెప్పుకోవాలి. పొదిగిన రాయిని ఊడదీయకుండా దాని బరువు కచ్చితంగా తెలుసుకోవడం కుదరదు. వెనకవైపు తెరిచి ఉన్న నగలో రాయి ఎంత లోతు ఉందో కనీసం కంటికి కనిపిస్తుంది. వెనక రేకుతో మూసేసి, లోపల లక్క పెట్టి చేసే నగల్లో అదీ కనిపించదు. అలాంటి చోట షాపు చెప్పిన బరువే ఆధారం. లక్క బరువు తీశారా లేదా అన్నది నోరు తెరిచి అడగాల్సిందే. వేలాడే ముత్యాలు, పూసల విషయంలో అంత ఇబ్బంది లేదు. ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టుకోవచ్చు. అలాంటి ముత్యమే విడిగా ఉంటే పది కాటా మీద పెట్టించి చూస్తే సుమారు బరువు తెలిసిపోతుంది.

కాటా మీద ఒక కన్ను

మొత్తం బరువు కూడా ట్యాగ్ చూసి ఒప్పేసుకోకూడదు. బిల్లు వేసే ముందు నగను మీ ఎదురుగా తూచమనండి. కాటా మీద ఏమీ లేనప్పుడు 0.000 చూపించాలి. ట్యాగు, దానికి కట్టిన దారం తీసేసి తూచాలి. నగల కాటా గ్రాము తర్వాత మూడు అంకెలు చూపిస్తుంది. ఇప్పటి ధరల్లో ఆ అంకెల విలువ తక్కువేం కాదు. మన ఉదాహరణలో 0.100 గ్రాము అంటే 1,000 రూపాయలు. ఫ్యాన్ గాలికి, ఏసీ గాలికి చివరి అంకె ఊగుతుంటుంది. అందుకే చుట్టూ అద్దాల పెట్టె ఉన్న కాటాలు వాడతారు. అద్దం మూసి, అంకె నిలిచాక చూడాలి. కాటాకు తూనికలు కొలతల శాఖ వేసిన ముద్ర, తనిఖీ సర్టిఫికెట్ ఉంటాయి. సర్టిఫికెట్ మీద తేదీ దాటిపోయిందేమో ఒకసారి చూస్తే చాలు.

బరువుతో పాటే ధర కూడా. నగ మీద హాల్‌మార్క్‌లో 22కే916 అని ఉంటే 22 క్యారెట్ల ధర కట్టాలి. వజ్రాల నగలు, కొన్ని రాళ్ల నగలు 18 క్యారెట్లలో చేస్తారు. వాటి మీద 18కే750 అని ఉంటుంది. గ్రాము 22 క్యారెట్లకు 10,000 అయితే, అదే నిష్పత్తిలో 18 క్యారెట్లకు సుమారు 8,182 అవుతుంది. 18 క్యారెట్ల నగకు 22 క్యారెట్ల ధర వేస్తే గ్రాముకు 1,800 పైనే నష్టం. ముద్ర కంటికి కనిపించనంత చిన్నగా ఉంటుంది కాబట్టి షాపులో భూతద్దం అడిగి చూడండి.

తరుగు దేని మీద వేశారు?

బిల్లులో రెండో తేడా ఇక్కడుంది. తరుగు 12 శాతం అని ముందే మాట్లాడుకున్నారు. బేరమాడి 14 నుంచి 12కి తగ్గించారు కూడా. కానీ 51,120 రూపాయలు ఎలా వచ్చింది? 10,000తో భాగిస్తే 5.112 గ్రాములు. 5.112 అనేది 42.600లో 12 శాతం. అంటే తరుగును నికర బరువు మీద కాకుండా రాళ్లు, ముత్యాలతో కలిపిన మొత్తం బరువు మీద లెక్కేశారు. రాయిని అరగదీస్తే బంగారం తరగదు కదా!

38.250 గ్రాముల మీద 12 శాతం అంటే 4.590 గ్రాములు, 45,900 రూపాయలు. రాళ్లు ఎంత ఎక్కువ ఉంటే ఈ తేడా అంత పెరుగుతుంది. మీ బిల్లులో తరుగు మొత్తాన్ని బంగారం విలువతో భాగించి 100తో గుణించండి. మాట్లాడుకున్న శాతమే రావాలి. ఈ బిల్లులో 51,120ని సరైన బంగారం విలువ 3,82,500తో భాగిస్తే 13.36 శాతం వస్తుంది. 12 అని చెప్పి 13.36 తీసుకున్నారు. బేరంలో తగ్గించిన రెండు శాతంలో పెద్ద భాగం వెనక దారిలో తిరిగి వెళ్లిపోయింది.

అసలు తరుగు అంటే ఏంటి? బంగారాన్ని కరిగించి, తీగ లాగి, ఆకురాయి పట్టి, మెరుగు పెట్టేటప్పుడు కొంత పొడిగా రాలిపోతుంది. ఆ నష్టం కొనేవాళ్లు భరించాలని పెట్టిన లెక్క ఇది. చేత్తో చేసే నకాషీ పనిలో అలాంటి నష్టం ఎక్కువ. మెషీన్ మీద చేసే గొలుసుల్లో చాలా తక్కువ. పైగా రాలిన పొడిని కూడా ఊడ్చి, కరిగించి మళ్లీ బంగారం తీసుకుంటారు. కాబట్టి ఈ రోజుల్లో తరుగు అనేది చాలావరకు షాపు లాభం, పనితనం కలిపి పెట్టిన పేరే. ఇంత శాతమే ఉండాలని చట్టంలో ఎక్కడా లేదు. అందుకే ఒకే రకం గొలుసుకు వీధికి ఈ చివర ఒక శాతం, ఆ చివర ఇంకో శాతం చెబుతారు. బేరమాడాల్సింది కూడా ఇక్కడే. బంగారం ధర మీద ఎవరూ తగ్గించరు.

"మజూరీ లేదు" బోర్డు చూసి మురిసిపోవద్దు

మూడో తేడా కూడా ఇలాంటిదే. మజూరీ గ్రాముకు 300 రూపాయలు అన్నారు. 12,780ని 300తో భాగిస్తే 42.600. మళ్లీ మొత్తం బరువే. నికర బరువుకు లెక్కేస్తే 38.250 × 300 = 11,475 రూపాయలు రావాలి. ఇంకో రకం కూడా ఉంది. కొందరు నికర బరువుకు ముందు తరుగు గ్రాములు కలిపి, ఆ పెరిగిన బరువు మీద మజూరీ వేస్తారు. మన లెక్కలో 38.250కి 4.590 కలిపితే 42.840. దాని మీద 300 చొప్పున వేస్తే 12,852 అవుతుంది. తరుగు కింద పోయిందన్న బంగారానికి కూడా కూలి తీసుకున్నట్టన్నమాట.

నిజానికి రాళ్లు పొదగడానికి కూలి అవుతుంది, అందులో తప్పేం లేదు. అందుకే కొన్ని షాపులు మొత్తం బరువు మీద మజూరీ వేస్తామని ముందే చెబుతాయి. ముందే చెప్పి, మీరు ఒప్పుకుంటే అది బేరం. చెప్పకుండా బిల్లులో వేస్తే అది వేరే సంగతి. "గ్రాముకు 300 అంటున్నారు, ఏ గ్రాముకండీ? నికరానికా, మొత్తానికా?" అని ఒక్క ప్రశ్న బిల్లు కొట్టకముందే అడిగితే సరిపోతుంది.

తెలుగు రాష్ట్రాల్లో ఇప్పుడు చాలా షాపులు తరుగు, మజూరీ రెండూ కలిపేసి వీఏ అని ఒకే శాతం చెబుతున్నాయి. వీఏ అంటే వాల్యూ అడిషన్. ఇంకొందరు "మజూరీ సున్నా" అని ఫ్లెక్సీలు కట్టి తరుగు శాతం పెంచేస్తారు. రెండు షాపులను పోల్చాలంటే రెండిటినీ ఒకే కొలతలోకి తేవాలి. మన నెక్లెస్‌కు సరైన లెక్క ప్రకారం తరుగు 45,900, మజూరీ 11,475, కలిపితే 57,375. దీన్ని బంగారం విలువ 3,82,500తో భాగిస్తే సరిగ్గా 15 శాతం. అంటే "తరుగు 12 శాతం, మజూరీ గ్రాముకు 300" అన్న షాపు, "మజూరీ లేదు, వీఏ 15 శాతం" అన్న షాపు రెండూ ఒకటే. పక్క షాపులో మజూరీ లేకుండా వీఏ 14 శాతం అంటే ఒక శాతం తక్కువ, అంటే ఈ నగ మీద 3,825 రూపాయలు మిగులుతాయి. అయితే రెండు చోట్లా గ్రాము ధర ఒకటేనా అన్నది కూడా చూసుకోవాలి. తరుగు తగ్గించి, గ్రాము ధరలో ఓ యాభై వంద కలిపేస్తే ఆ ఆఫర్‌కు అర్థం లేదు.

జీఎస్టీ 3 శాతమా, 5 శాతమా?

వాట్సాప్‌లో తిరిగే మెసేజ్‌ల వల్ల ఈ విషయంలో చాలామందికి గందరగోళం ఉంది. బంగారానికి 3 శాతం, మజూరీకి 5 శాతం అని అందులో ఉంటుంది. షాపులో తయారైన నగ కొంటే అలా రెండు రేట్లు ఉండవు. బంగారం, తరుగు, మజూరీ, రాళ్లు అన్నీ కలిపి అది ఒకే నగ. మొత్తం విలువ మీద 3 శాతం మాత్రమే. బిల్లులో సీజీఎస్టీ 1.5, ఎస్‌జీఎస్టీ 1.5 అని రెండు లైన్లుగా కనిపిస్తుంది. 2017 జులై 1న జీఎస్టీ వచ్చినప్పటి నుంచి ఇదే రేటు. 2025 సెప్టెంబర్‌లో శ్లాబులు మార్చినప్పుడు కూడా బంగారం జోలికి వెళ్లలేదు.

మరి 5 శాతం ఎక్కడిది? మీ బంగారం మీరే తీసుకెళ్లి ఇచ్చి, దాంతో నగ చేయించుకుంటే అది నగ కొనడం కాదు, పని చేయించుకోవడం. అప్పుడు చేసేవాళ్లు జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్లయితే కూలి మీద 5 శాతం పడుతుంది. కొన్న నగ బిల్లులో మజూరీ పక్కన 5 శాతం కనిపిస్తే ఎందుకని అడగాలి.

హాల్‌మార్క్ ఛార్జీ విడి సంగతి. ఒక్కో నగకు 45 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ 8.10, మొత్తం 53.10. నగ రెండు గ్రాములదైనా, వంద గ్రాములదైనా ఇంతే. బరువును బట్టి పెరగదు. జత కమ్మలను రెండు నగలుగా లెక్కేస్తే రెండు ఛార్జీలు పడతాయి, అంతకుమించి ఉండదు. హాల్‌మార్క్ పేరుతో వందల్లో వేశారంటే అడగాల్సిందే.

ఇప్పుడు మన బిల్లును సరైన లెక్కతో మళ్లీ రాద్దాం. బంగారం 3,82,500, తరుగు 45,900, మజూరీ 11,475, రాళ్లు, ముత్యాలు కలిపి 18,500. మొత్తం 4,58,375. దీని మీద 3 శాతం అంటే 13,751.25. హాల్‌మార్క్ 53.10 కలిపితే 4,72,179.35 రూపాయలు. షాపు బిల్లు 4,94,350.10. తేడా 22,170.75 రూపాయలు!

ఆ 22 వేలు ఎక్కడెక్కడి నుంచి వచ్చాయో చూస్తే, ముత్యాల బరువు తీయకపోవడం వల్ల 15,000, తరుగులో 5,220, మజూరీలో 1,305. ఈ మూడు కలిపితే 21,525. దాని మీద పడిన జీఎస్టీ ఇంకో 645.75. బిల్లులో ప్రతి లైన్ చూడటానికి మామూలుగానే ఉంది. ముత్యాల లైన్ కూడా బిల్లులో బాహాటంగానే ఉంది, ఎవరూ దాచలేదు. పైన తీసేసిన బరువుతో దాన్ని పోల్చి చూడలేదంతే.

ఫోన్‌లో కాలిక్యులేటర్‌తో కింది నుంచి పైకి కూడా ఒకసారి లాగి చూడొచ్చు. చెల్లించమన్న మొత్తంలోంచి హాల్‌మార్క్ ఛార్జీ తీసేసి, మిగిలిన దాన్ని 1.03తో భాగిస్తే పన్నుకు ముందు విలువ వస్తుంది. అందులోంచి రాళ్ల ధర తీసేస్తే బంగారం, తరుగు, మజూరీ మిగులుతాయి. ఆ అంకెను మీరు లెక్కేసుకున్న నికర బరువుతో భాగించండి. మన సరైన బిల్లులో గ్రాముకు 11,500 వస్తుంది. 10,000 ధర మీద 15 శాతం. మాట్లాడుకున్న బేరం కూడా అదే. షాపు బిల్లుకు ఇదే లెక్క వేస్తే గ్రాముకు 12,000 దాటుతుంది. ఎక్కడో తేడా ఉందని అక్కడే తెలిసిపోతుంది.

పాత బంగారం ఇచ్చి కొంటే..

ఈ నెక్లెస్ కొనడానికి లక్ష రూపాయల పాత గాజులు ఇచ్చారనుకుందాం. లక్ష తీసేశాక మిగిలిన దాని మీదే జీఎస్టీ వేయాలని చాలామంది కౌంటర్‌లో వాదిస్తుంటారు. అక్కడ మాత్రం షాపు వాళ్లు చెప్పేదే సరైనది. పాత బంగారం కూడా డబ్బు ఇచ్చినట్టే లెక్క కాబట్టి, కొత్త నగ పూర్తి విలువ మీద 3 శాతం పడుతుంది. పన్ను వేశాక వచ్చిన మొత్తంలోంచి పాత బంగారం విలువ తగ్గిస్తారు. సరైన బిల్లు ప్రకారం 4,72,179.35లోంచి లక్ష పోను 3,72,179.35 కట్టాలి. ఇంట్లోని పాత నగ ఇచ్చినందుకు మీ మీద విడిగా జీఎస్టీ ఏమీ ఉండదు. షాపు డిస్కౌంట్ ఇస్తే మాత్రం అది బిల్లులో పన్నుకు ముందే తగ్గాలి, అప్పుడు దాని మేరకు పన్ను కూడా తగ్గుతుంది.

తెల్ల స్లిప్పు బిల్లు కాదు

"బిల్లు వద్దంటే 3 శాతం మిగులుతుంది మేడమ్" అని ఎస్టిమేషన్ స్లిప్పు ఇచ్చే అలవాటు ఇంకా ఉంది. మన నెక్లెస్‌కు 13,751 రూపాయలు మిగలడం ఆకర్షణగానే ఉంటుంది. కానీ తర్వాత 22 వేల తేడా బయటపడితే ఆ స్లిప్పు చూపించి అడిగేందుకు ఏమీ ఉండదు. అసలు బిల్లు మీద షాపు జీఎస్టీ నంబర్ ఉంటుంది. 15 అంకెలు, అక్షరాల ఆ నంబర్ తెలంగాణలో అయితే 36తో, ఆంధ్రప్రదేశ్‌లో అయితే 37తో మొదలవుతుంది. gst.gov.in లో Search Taxpayer దగ్గర కొడితే ఆ నంబర్ ఎవరిదో, ఇంకా నడుస్తోందో లేదో కనిపిస్తుంది. రెండు లక్షలు దాటిన కొనుగోలుకు పాన్ అడుగుతారు. రెండు లక్షలు, ఆపైన మొత్తాన్ని నగదుగా తీసుకోవడానికి షాపుకు చట్టం ఒప్పుకోదు.

హాల్‌మార్క్ నగ బిల్లులో నగ వివరం, బంగారం నికర బరువు, స్వచ్ఛత, హాల్‌మార్క్ ఛార్జీ విడివిడిగా ఉండాలన్నది బీఐఎస్ నిబంధన. కాబట్టి నికర బరువు రాయమని అడగడం దబాయింపేమీ కాదు. 2023 ఏప్రిల్ 1 నుంచి అమ్మే హాల్‌మార్క్ నగ మీద బీఐఎస్ గుర్తు, స్వచ్ఛతతో పాటు ఆరు అంకెలు, అక్షరాల హెచ్‌యూఐడీ తప్పనిసరి. బీఐఎస్ కేర్ యాప్‌లో Verify HUID దగ్గర దాన్ని కొడితే షాపు రిజిస్ట్రేషన్, పరీక్షించిన కేంద్రం, నగ రకం, స్వచ్ఛత కనిపిస్తాయి. యాప్‌లో 22 క్యారెట్ ఉంగరం అని వచ్చి, మీ చేతిలో ఉన్నది నెక్లెస్ అయితే అక్కడే ఆగిపోండి. కుందన్, పోల్కీ, జడావు నగలకు, రెండు గ్రాముల లోపు వాటికి ఈ తప్పనిసరి నిబంధన నుంచి మినహాయింపు ఉంది. రాళ్లు ఎక్కువగా ఉండే నగలే ఈ మినహాయింపులోకి వస్తున్నాయి కాబట్టి, అక్కడ బిల్లు మీద రాసిన మాటే మీకు దిక్కు.

తేడా ఉందని తేలితే ముందు బిల్లు, ట్యాగ్ పట్టుకుని షాపుకే వెళ్లాలి. బిల్లు వేసే కుర్రాడు ముత్యాల బరువు ఎంటర్ చేయడం మర్చిపోవడం కూడా జరుగుతుంది, అలాంటివి చాలావరకు అక్కడే సరిదిద్దుతారు. ఒప్పుకోకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు. కాటా మీద అనుమానం ఉంటే తూనికలు కొలతల శాఖకు, స్వచ్ఛత మీద అయితే బీఐఎస్ కేర్ యాప్‌లోనే ఫిర్యాదు చేయొచ్చు. హాల్‌మార్క్‌లో చెప్పిన దానికంటే స్వచ్ఛత తక్కువ అని తేలితే ఆ తేడా విలువకు రెండింతలు, పరీక్ష ఖర్చుతో సహా కొన్నవాళ్లకు ఇవ్వాలని బీఐఎస్ నిబంధనల్లో ఉంది. అయితే ఈ రెండింతల పరిహారం స్వచ్ఛతకే. రాళ్ల బరువు తేడాకు వర్తించదు. హాల్‌మార్క్ కేంద్రం చూసేది కూడా బంగారం ఎన్ని క్యారెట్లదనే, అందులో ముత్యాలు ఎన్ని గ్రాములన్నది కాదు. అందుకే ట్యాగ్‌ను కొన్న రోజే పారేయకుండా బిల్లుకు పిన్ కొట్టి పెట్టుకోండి. నగను కాటా మీద ఉంచి, అంకె కనిపించేలా ఒక ఫొటో తీసుకోండి. నాలుగేళ్ల తర్వాత మార్చుకునేటప్పుడు "రాళ్లు 4.350" అని ఎవరైనా అంటే, ముందు పెట్టడానికి అవే పనికొస్తాయి.